చిన్న ఊరైతే జనం ఉండరా? ఓవర్‌టూరిజంపై అపోహలు - వాస్తవాలు

ప్రయాణాలు కుదిర్చే పనిలో రోజూ వినే మాట ఒకటుంది: "పెద్ద నగరాలు వద్దండి, జనం ఎక్కువ. ఏదైనా చిన్న ఊరు చెప్పండి, ప్రశాంతంగా ఉండేది." ఆ మాట పూర్తయ్యేలోపే ఫోన్ తీసి ఒక రీల్ చూపిస్తారు. సరస్సు ఒడ్డున చెక్క ఇళ్లు, వెనక కొండ, మనిషన్నవాడు కనిపించడు. అలా మనుషుల్లేకుండా తీయాలంటే ఆ రీల్ తీసినవాళ్లు ఏ వేళకు లేచి వెళ్లి ఉంటారో ఎవరూ ఆలోచించరు. ఒక ఊరు మోయగలిగినదానికంటే ఎక్కువమంది పర్యాటకులు దిగడమే ఓవర్‌టూరిజం. సెలవు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి ముందు దీని సంగతే చెబుతాను.

అపోహ: చిన్న ఊరు, ఏడాదికి వచ్చేవాళ్లు తక్కువ. అందుకే రద్దీ ఉండదు.

ఏడాది మొత్తానికి ఎంతమంది వచ్చారన్న లెక్కతో మీకు పని లేదు. మీరు అక్కడ ఉండే రోజున, మీరు నడిచే వీధిలోకి, ఏ నాలుగు గంటల్లో ఎంతమంది దిగుతారన్నది కావాలి. దాన్ని ఆ ఊరి జనాభా పక్కన పెట్టి చూడాలి.

ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌ను తీసుకుందాం. ఊరి జనాభా 800 కూడా లేదు. వేసవి మంచి సీజన్‌లో ఒక్కరోజే 10,000 మంది దాకా వస్తారు. అంటే ఊళ్లో ఒక్కో మనిషికి పన్నెండు మందికి పైగా కొత్తవాళ్లు. అదే పదివేల మంది 20 లక్షల జనాభా ఉన్న వియన్నాలో దిగితే ఎవరి కంటా పడరు. అక్కడ మెట్రో ఉంది, వందల వీధులున్నాయి, జనం తలో దిక్కుకు వెళ్లిపోతారు. హాల్‌స్టాట్ కొండకీ సరస్సుకీ మధ్య సన్నటి పట్టీలా ఉంటుంది. అందరూ నడవాల్సింది ఒడ్డు వెంట ఉన్న ఆ ఒక్క దారిలోనే. అందరూ ఫోటో తీసుకునేది ఊరి ఉత్తరపు చివర, ఒకే చోట. 2023లో ఆ చోట సెల్ఫీలు తీసుకోవడానికి వీల్లేకుండా చెక్క కంచె కట్టారు. విమర్శలు రావడంతో తీసేశారు. అదే ఏడాది వేసవిలో ఊరివాళ్లు వీధిలోకి వచ్చి నిరసన తెలిపారు.

ఇలాంటి ఊరు కాగితం మీద ఎందుకు ప్రశాంతంగా కనిపిస్తుంది? ఎందుకంటే పర్యాటక లెక్కల్లో ఎక్కువగా కనిపించేవి రాత్రి బసలు, అంటే హోటల్ గదుల్లో పడుకున్నవాళ్ల లెక్క. ఉదయం బస్సులో దిగి, రెండు మూడు గంటలు తిరిగి, ఫోటోలు తీసుకుని వెళ్లిపోయేవాళ్లు ఆ లెక్కలోకి రారు. ఊరిని ఇబ్బంది పెడుతున్నది ఎక్కువగా వాళ్లే. కాబట్టి "ఆ ఊరికి బసలు తక్కువట, ఖాళీగా ఉంటుందట" అని ఎవరైనా చెబితే వెంటనే నమ్మకండి. పగటి సందర్శకులు ఎక్కువగా ఉన్న ఊరికి కూడా బసల లెక్క తక్కువే ఉంటుంది.

మరి ముందే ఎలా తెలుసుకోవాలి?

నేను మొదట చూసేది జనం ఆ ఊరికి ఎలా చేరతారన్నది. సముద్రపు ఊరైతే రేవుకు వచ్చే క్రూయిజ్ ఓడల పట్టిక చూస్తాను. చాలా రేవులకు ఇది నెలల ముందే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఏ రోజు ఏ ఓడ, ఎన్నింటికి వస్తుంది, ఎన్నింటికి వెళ్తుంది, ఎంతమంది ప్రయాణికులు పడతారన్నది తెలుస్తుంది. క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ పాత నగరం చుట్టూ ఉన్న కోటగోడ పొడవు రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ. లోపల ముఖ్యమైన వీధి స్ట్రాడున్ 300 మీటర్ల పొడవుంటుంది. రెండు ఓడలు ఒకేసారి నిలిచిన ఉదయం వేలమంది కొద్దిపాటి ద్వారాల గుండా ఆ వీధిలోకి వస్తారు. ఓడ లేని రోజున అదే వీధి వేరుగా ఉంటుంది. అందుకే అక్కడి నగరపాలక సంస్థ 2019 నుంచి ఒకేసారి రెండు ఓడలు, 4,000 మంది ప్రయాణికులు అన్న హద్దు పెట్టుకుంది. డుబ్రోవ్నిక్ వెళ్లాలన్న వాళ్లకు నేను నెలలు మార్చమని చెప్పను. పట్టిక తెరిచి తేదీలు మార్చమంటాను. ఒక్కోసారి ఒక్కరోజు జరిగితే చాలు.

ఓడలు రాని ఊరైతే టూర్ బస్సుల సంగతి చూడాలి. బస్సు రావాలంటే ముందే సమయం బుక్ చేసుకోవాలన్న నియమం ఉందంటే అక్కడ రద్దీ చేయి దాటిన తర్వాతే పెట్టారని అర్థం. హాల్‌స్టాట్‌లో 2020 నుంచి ఆ నియమం ఉంది.

తర్వాత మ్యాప్‌లో వీధి ఫోటోలు తెరిచి ముఖ్య వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకు వెళతాను. మందుల దుకాణం, బడి, ఇనుప సామాన్ల కొట్టు, చెప్పులు కుట్టే మనిషి కనిపిస్తే అక్కడ మనుషులు బతుకుతున్నట్టే. వరుసగా ఫ్రిజ్ మాగ్నెట్లు, ఐస్‌క్రీం, సూట్‌కేసులు దాచిపెట్టే లాకర్లే ఉంటే ఆ వీధి పగటి సందర్శకుల కోసమే నడుస్తోంది. ఇంకొకటి, రివ్యూలు "కొత్తవి ముందు" పెట్టి చదవండి. పాత పొగడ్తలు మూడేళ్ల కిందటి ఊరి గురించి. ఈ సీజన్‌లో వెళ్లినవాళ్లు క్యూ, పార్కింగ్, తోపులాట గురించి రాశారా లేదా అన్నదే మీకు పనికొస్తుంది.

ప్రత్యామ్నాయం ఎలా ఎంచుకోవాలి?

పోయిన సీజన్‌లో ఒకావిడ వచ్చారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారిని తీసుకెళ్లాలి, హాల్‌స్టాటే కావాలి. రద్దీ సంగతి ఎవరో చెప్పారట, రెండు రాత్రులు నిద్ర లేదన్నారు. "అమ్మ ఒక్కసారే వెళ్లగలదండి, అది కూడా పాడైతే ఎలా?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఈ భయం నాకు బాగా తెలుసు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు రెండో అవకాశం ఉండదు.

ఊరి పేరు పక్కన పెట్టి, అమ్మగారికి ఏం కావాలో చెప్పమన్నాను. సరస్సు, దాని వెనక కొండలు, మెట్లు లేని నడక దారి, కూర్చోవడానికి బెంచీ. అంతే. ఆ నాలుగూ హాల్‌స్టాట్‌లోనే ఉండాలని ఏమీ లేదు. అదే సరస్సు దక్షిణపు కొసన, నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఓబర్‌ట్రౌన్ ఉంది. అదే రైలు మార్గంలో దానికి సొంత స్టేషన్ ఉంది. నేల సమంగా ఉంటుంది, డాక్‌స్టైన్ కొండ మీదకు కేబుల్ కార్ కూడా అక్కడి నుంచే. బస అక్కడ పెట్టించాను. హాల్‌స్టాట్‌కు పగటి బస్సులు వెళ్లిపోయాక సాయంత్రం ఒకసారి వెళ్లి రమ్మన్నాను. ఒక జాగ్రత్త చెప్పాను: హాల్‌స్టాట్ రైల్వే స్టేషన్ ఊళ్లో లేదు, సరస్సుకు అవతలి ఒడ్డున ఉంది. స్టేషన్‌కు బోటులో దాటాలి. చివరి బోటు, చివరి బస్సు ఎన్నింటికో చూసుకోకుండా సాయంత్రం అక్కడికి వెళ్లకూడదు.

ఓబర్‌ట్రౌన్‌లో పోస్టుకార్డు బొమ్మ ఉండదని, రాత్రి తిరగడానికి పెద్దగా వీధులు ఉండవని కూడా ముందే చెప్పాను. ఇది దాచిపెట్టి "అచ్చం అలాగే ఉంటుంది" అని పంపితే, ప్రశాంతమైన ఊళ్లో కూర్చుని కూడా మోసపోయామనుకుంటారు. అమ్మగారు రోజూ సాయంత్రం సరస్సు ఒడ్డున బెంచీ మీదే కూర్చున్నారట, హాల్‌స్టాట్‌లో మాత్రం గంటసేపు ఉండి చాలన్నారట.

ఇక "ఫలానా చోటికి బదులు ఇది" అంటూ తిరిగే జాబితాల సంగతి. అవి చూడగానే నాకు చిరాకు వేస్తుంది. ఐస్‌లాండ్‌లో ఫ్యాద్రార్‌గ్ల్యూఫుర్ అనే లోయ ఉంది. ఒకప్పుడు పెద్దగా ఎవరికీ తెలియదు. 2015లో ఒక పాప్ గాయకుడి వీడియోలో కనిపించాక జనం పోటెత్తారు. తడి నేల, నాచు, కాలిబాటలు అంతమందిని మోయలేకపోయాయి. 2019లో నేల కోలుకోవాలని కొన్ని నెలలు మూసేశారు. పేరు తెలియని చోటు అంటేనే అక్కడ సరైన దారి, మరుగుదొడ్లు, చెత్త తీసే ఏర్పాటు తక్కువని అర్థం. అందుకే ప్రత్యామ్నాయం ఎంచుకునేటప్పుడు ఎవరూ వెళ్లని చోటు కాకుండా, జనాన్ని మోయగలిగే చోటు వెతకండి. రైలు ఆగాలి. ఏడాది పొడవునా మనుషులు ఉండాలి. సీజన్ కాకపోయినా తెరిచి ఉండే గదులు, కొట్లు ఉండాలి. ఒకే సన్నటి రోడ్డు మీద కారులోనే వెళ్లాల్సిన చోటైతే వదిలేయండి.

మిగతా అపోహలు గబగబా.

"వెనిస్‌లో రుసుము పెట్టారు, ఇక జనం తగ్గుతారు." 2024 ఏప్రిల్ 25న 5 యూరోలతో మొదలైన ఆ రుసుము, కొన్ని ఎంచుకున్న రోజుల్లో పగటి సందర్శకులు కట్టేది. ఎంతమంది రావచ్చన్న హద్దు దాంట్లో లేదు. డబ్బు కట్టినవాళ్లందరూ రావచ్చు. నగరంలో రాత్రి బస చేసేవాళ్లు అది కట్టక్కర్లేదు.

"మాయా బే మూసేశారట, థాయ్‌లాండ్ ప్లాన్ రద్దు చేసుకుంటున్నాం." ఈ వదంతి ఎన్నేళ్లయినా చావడం లేదు. 2018 జూన్‌లో మూసిన మాట నిజం. 2022 జనవరిలో తెరిచారు. ఇప్పుడు పడవలు బీచ్ ముందుకు రావు, వెనక వైపు ఆగుతాయి. ఈత కొట్టనివ్వరు. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఏటా మూసి ఉంచుతున్నారు. తేదీలు చూసుకుంటే చాలు, మొత్తం ప్రయాణం మానుకోనక్కర్లేదు.

"బార్సిలోనాలో పర్యాటకులను తరుముతున్నారట." 2024 జులైలో నిరసనకారులు కొందరు నీటి తుపాకులతో రెస్టారెంట్ల దగ్గర కూర్చున్నవాళ్ల మీద నీళ్లు చల్లారు. పిల్లలతో వెళ్లేవాళ్లు ఆ వీడియోలు చూసి భయపడటంలో తప్పు లేదు. కానీ ఆ కోపం ఎక్కువగా అద్దెల గురించి. నివాస ఇళ్లు పర్యాటకుల గదులుగా మారిపోయి ఊరివాళ్లకు ఇల్లు దొరకడం కష్టమైంది. అందుకే పర్యాటక అపార్ట్‌మెంట్ల లైసెన్సులను 2028 నవంబరు కల్లా ముగిస్తామని నగరం ప్రకటించింది. అక్కడికి వెళ్లాలనుకుంటే నివాస భవనంలో ఫ్లాట్ కాకుండా హోటల్ గది తీసుకోండి, ఆ తేదీకి దగ్గర్లో ఫ్లాట్ బుకింగ్ ఏదైనా చేసుకునేముందు దాని లైసెన్సు నంబరు అడగండి.