పితృత్వ సెలవు, దత్తత సెలవు ప్రకటన: అపోహలు - వాస్తవాలు

సంస్థలకు సెలవుల విధానాలు రాయడం, ఇతరులు రాసినవాటిని సరిదిద్దడం నా వృత్తి. పితృత్వ, దత్తత సెలవుల విషయంలో ఉద్యోగికీ హెచ్‌ఆర్ విభాగానికీ మధ్య వచ్చే పేచీ చాలావరకు ఎన్ని వారాలన్న దగ్గర రాదు. ఎవరికి, ఏ రోజు నుంచి, ఏ కాగితం చూపిస్తే అన్న ప్రశ్నల దగ్గర వస్తుంది. ఈ మూడింటికీ జవాబు ప్రకటనలోనే ఉండాలి. లేకపోతే ఇంట్లోకి కొత్తగా బిడ్డ వచ్చిన వారంలో ఉద్యోగి హెచ్‌ఆర్‌కు ఉత్తరాలు రాస్తూ కూర్చోవాల్సి వస్తుంది.

అపోహ: "భార్య ప్రసవించినప్పుడు పురుష ఉద్యోగికి సెలవు" అని రాస్తే అర్హత తేటతెల్లంగా చెప్పినట్లే.

వాస్తవం: ఈ వాక్యం ఎవరికి సెలవిస్తుందో చెబుతోంది కానీ, ఎందరిని బయట నిలబెడుతోందో రాసినవారు గమనించరు. పెళ్లి కాకుండా కలిసి ఉంటున్న తండ్రి ఇందులోకి రాడు. సరోగసీ ద్వారా బిడ్డను పొందిన తండ్రి రాడు, ఎందుకంటే ప్రసవించింది ఆయన భార్య కాదు. ప్రసవించిన తల్లితో కలిసి బిడ్డను పెంచబోయే మహిళా భాగస్వామి అసలే రాదు. దత్తత సెలవులోనూ ఇదే తంతు. "దత్తత తీసుకున్న తల్లికి" అని రాస్తే, ఒంటరిగా దత్తత తీసుకున్న పురుషుడికి ఒక్క రోజు కూడా దక్కదు.

అలాగని "తల్లిదండ్రులందరికీ వర్తిస్తుంది" అని రాసి ఊరుకుంటే అదీ చాలదు. అప్పుడు ప్రతి కేసునూ హెచ్‌ఆర్‌లో ఎవరో ఒకరు తమకు తోచినట్లు తేల్చాల్సి వస్తుంది. అందరినీ కలుపుకొనే వాక్యం అస్పష్టంగా ఉండనక్కర్లేదు. మనిషి లింగాన్నీ వివాహ స్థితినీ పక్కనపెట్టి, బిడ్డ విషయంలో ఆ ఉద్యోగి పాత్ర ఏమిటో చెబితే సరిపోతుంది. నేనైతే ఇలా రాస్తాను:

"బిడ్డను ప్రసవించకపోయినా, తల్లిగానో తండ్రిగానో ఆ బిడ్డ పెంపకం బాధ్యత తీసుకుంటున్న ఉద్యోగి ఎవరైనా పితృత్వ సెలవుకు అర్హులు. సరోగసీ ద్వారా బిడ్డను పొందినవారికీ ఇది వర్తిస్తుంది. దత్తత తీసుకుంటున్న ఉద్యోగి, ఒంటరివారైనా జంటలో ఒకరైనా, దత్తత సెలవుకు అర్హులు. వివాహ ధ్రువపత్రం అడగం."

చివరి మూడు మాటలు అదనంగా అనిపించవచ్చు. కానీ అవి లేకపోతే, దరఖాస్తు ఫారంలో పాత అలవాటు కొద్దీ "జీవిత భాగస్వామి పేరు" అనే తప్పనిసరి గడి మిగిలిపోతుంది. అది నింపనిదే ఫారం ముందుకు కదలదు. విధానం మారినప్పుడు ఫారం కూడా మారిందో లేదో తప్పక చూసుకోవాలి.

జంటలో ఇద్దరూ ఒకే సంస్థలో పనిచేస్తుంటే దత్తత సెలవు ఇద్దరికీ పూర్తిగా ఇస్తారా, పంచుకోవాలా అన్నది కూడా ఇక్కడే చెప్పాలి. ఏది ఎంచుకున్నా తప్పు లేదు. చెప్పకుండా వదిలేయడమే తప్పు.

అపోహ: సర్వీసు నిబంధన ఉంటే అది సెలవుకూ జీతానికీ ఒకేలా వర్తించాలి.

వాస్తవం: సెలవు పొందే హక్కు వేరు, ఆ రోజులకు జీతం పొందే హక్కు వేరు. వీటిని విడదీసి రాసిన తీరుకు మంచి ఉదాహరణ యూరోపియన్ యూనియన్ 2019లో తెచ్చిన ఆదేశం. తండ్రికి, లేదా జాతీయ చట్టం గుర్తించిన చోట అతనితో సమానమైన రెండో పేరెంట్‌కు, అది 10 పనిదినాల సెలవు ఇస్తుంది. ఆ సెలవుకు ఇంతకాలం పనిచేసి ఉండాలన్న షరతు పెట్టకూడదంటుంది. వివాహ స్థితి చూడకూడదని కూడా అంటుంది. జీతం చెల్లింపుకు మాత్రం గరిష్ఠంగా 6 నెలల పూర్వసేవ అడగడానికి సభ్యదేశాలకు వీలిచ్చింది.

మీ సంస్థలో ఏ షరతు పెట్టినా ఈ విభజన పాటించండి. "ప్రొబేషన్‌లో ఉన్నవారు సెలవు తీసుకోవచ్చు, జీతంతో కూడిన సెలవుకు 6 నెలల సర్వీసు ఉండాలి" అంటే ఎవరికైనా అర్థమవుతుంది. "6 నెలల సర్వీసు పూర్తయినవారు అర్హులు" అంటే మాత్రం ఐదో నెలలో ఉన్నవారు జీతం లేని సెలవు కూడా అడగకూడదేమో అనుకుంటారు. ఆ 6 నెలలు ఏ తేదీ నాటికి పూర్తి కావాలో కూడా రాయాలి. దరఖాస్తు నాటికా, బిడ్డ వచ్చే నాటికా అన్నదాన్ని బట్టి కొందరి అర్హతే మారిపోతుంది. స్థానిక చట్టం ఇంతకంటే ఎక్కువ ఇస్తుంటే చట్టమే చెల్లుతుందన్న వాక్యం ఎలాగూ ఉండాలి.

అపోహ: "దత్తత తేదీ" అంటే ఏ రోజో అందరికీ తెలిసిందే.

వాస్తవం: అన్ని అపోహల్లోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదే. దత్తతలో కనీసం మూడు తేదీలు ఉంటాయి: ఫలానా బిడ్డ మీకు కుదిరిందని సంస్థ తెలిపే రోజు, బిడ్డ మీ ఇంటికి వచ్చే రోజు, న్యాయస్థానమో అధికారో దత్తత ఉత్తర్వు ఇచ్చే రోజు. చాలాచోట్ల రెండోదానికీ మూడోదానికీ మధ్య నెలలు గడుస్తాయి. అది సహజమే. బిడ్డ కొత్త ఇంట్లో కుదురుకుంటోందా లేదా చూశాకే ఉత్తర్వు ఇచ్చే పద్ధతులు ఉన్నాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక సంస్థ ప్రకటనలో ఇలా ఉందనుకోండి: "దత్తత తేదీ నుంచి 12 వారాల సెలవు. 30 రోజుల ముందు దరఖాస్తు చేయాలి. దత్తత ఉత్తర్వు జతపరచాలి." చూడటానికి మూడు వాక్యాలూ పొందికగానే ఉన్నాయి. ఇప్పుడు ఒక ఉద్యోగికి మార్చి 4న బిడ్డ కుదిరినట్లు కబురొచ్చింది. మార్చి 18న బిడ్డ ఇంటికి వచ్చింది. ఉత్తర్వు జూన్ 27న వచ్చింది.

మొదట నోటీసు సంగతి చూడండి. కబురుకూ బిడ్డ రాకకూ మధ్య ఉన్నది 14 రోజులే. 30 రోజుల నోటీసు ఆ ఉద్యోగి ఏం చేసినా ఇవ్వలేరు. ఇక కాగితం. సెలవు కావాల్సింది మార్చిలో, అడుగుతున్న ఉత్తర్వు చేతికొచ్చేది జూన్‌లో. "దత్తత తేదీ" అంటే ఉత్తర్వు తేదీ అని జీతాల విభాగం అర్థం చేసుకుంటే, బిడ్డ ఇంటికొచ్చిన 101 రోజుల తర్వాత గానీ సెలవు మొదలుకాదు. ఈలోగా ఆ ఉద్యోగి తన సాధారణ సెలవులన్నీ వాడేసి ఉంటారు, లేదా జీతం కోల్పోయి ఉంటారు. కొత్త మనుషుల మధ్యకు వచ్చిన బిడ్డకు పెద్దల తోడు ఎక్కువగా కావాల్సిన తొలి వారాలు అలా గడిచిపోతాయి.

ఇలాంటి చిక్కు మీ విధానంలోనూ ఉందేమో తెలుసుకోవడానికి ఒక పరీక్ష చాలు. ఈ మూడు తేదీలనూ కాగితం మీద రాసుకుని, ప్రకటనలోని ఒక్కో నిబంధననూ వాటికి వర్తింపజేసి చూడండి. ఎక్కడైనా ఉద్యోగి చేయలేని పనిని అడుగుతోందంటే అక్కడ వాక్యం మార్చాలి. పై ప్రకటనను నేనైతే ఇలా మారుస్తాను:

"బిడ్డ మీ సంరక్షణలోకి వచ్చిన రోజు నుంచి 12 వారాల సెలవు ఉంటుంది. బిడ్డ కుదిరినట్లు తెలిసిన 7 రోజుల్లోపు హెచ్‌ఆర్‌కు తెలియజేయండి. బిడ్డను అప్పగించినప్పుడు దత్తత సంస్థ ఇచ్చే పత్రం సెలవు మంజూరుకు సరిపోతుంది. దత్తత ఉత్తర్వు వచ్చాక 30 రోజుల్లో దాని నకలు పంపండి. బిడ్డను చూడటానికి, విచారణలకు వెళ్లాల్సి వస్తే ఈ 12 వారాల్లోంచి 10 రోజుల వరకు ముందుగానే వాడుకోవచ్చు."

అంకెలు మీ సంస్థను బట్టి మారతాయి. గడువు ఉద్యోగికి తెలిసిన రోజు నుంచి లెక్కకు రావాలన్నదీ, సెలవు బిడ్డ ఇంటికొచ్చిన రోజు నుంచి మొదలవ్వాలన్నదీ మారకూడదు.

పితృత్వ సెలవులో ఈ చిక్కు చిన్నదే. అయినా నెలలు నిండకుండా పుట్టే బిడ్డల సంగతి మరవకూడదు. నోటీసు ఇచ్చేటప్పుడు అంచనా తేదీ చెబితే చాలని, ప్రసవం ముందే జరిగితే ఫోను లేదా మెసేజ్ సరిపోతుందని, ఫారం తర్వాత నింపవచ్చని రాయండి. బిడ్డ ఆసుపత్రిలోనే ఉండిపోతే సెలవు వాడుకునే గడువును ఇంటికి వచ్చే రోజు నుంచి లెక్కించడం న్యాయం.

అపోహ: బిడ్డ పెద్దదైతే దత్తత సెలవు అంతగా అవసరం ఉండదు.

వాస్తవం: వయోపరిమితిని చాలా విధానాలు ప్రసవ సెలవును చూసి రాసుకుంటాయి. పాలు పట్టడం, రాత్రి మేలుకోవడం మాత్రమే పని అనుకుంటే అది సరైనదే అనిపిస్తుంది. కానీ ఏడేళ్ల పాపకు కొత్త ఇల్లు, కొత్త బడి, కొత్త మనుషులు అన్నీ ఒకేసారి ఎదురవుతాయి. వైద్య పరీక్షలు, బడిలో చేర్చడం ఆఫీసు వేళల్లోనే జరగాలి. వయోపరిమితి పెట్టక తప్పదంటే, దాన్ని ఏ రోజు నాటి వయసుతో చూస్తారో చెప్పండి. ఇక్కడా బిడ్డ ఇంటికొచ్చిన రోజే సరైన కొలమానం.

అపోహ: ఎన్ని ఎక్కువ పత్రాలు అడిగితే అంత పకడ్బందీ.

వాస్తవం: సెలవు మంజూరుకు తేలాల్సినవి రెండే: బిడ్డతో ఉద్యోగికి ఉన్న సంబంధం, బిడ్డ వచ్చిన తేదీ. అప్పగింత పత్రంతోనో జనన ధ్రువపత్రంతోనో ఆ రెండూ తేలిపోతాయి. దత్తతకు ముందు కుటుంబంపై జరిగిన పరిశీలన నివేదిక, బిడ్డ వైద్య చరిత్ర, కన్నవారి వివరాలు సంస్థకు అక్కర్లేదు. అవి ఆ బిడ్డకు చెందిన విషయాలు. ఈ పత్రాలు అడగబోమనీ, ఇచ్చిన పత్రాన్ని హెచ్‌ఆర్‌లో ఎవరు చూస్తారనీ ప్రకటనలో రాయండి. మేనేజరుకు తెలియాల్సింది సెలవు తేదీలు మాత్రమే.

దరఖాస్తు దారి కూడా అంతే సూటిగా ఉండాలి. ఉద్యోగి హెచ్‌ఆర్‌కు ఫారం పంపుతారు. హెచ్‌ఆర్ అర్హత చూసి ఇన్ని పనిదినాల్లో రాతపూర్వకంగా జవాబిస్తుంది. ఆ తర్వాత మేనేజరుతో పని అప్పగింత గురించి మాట్లాడుకుంటారు. చాలాచోట్ల ఈ వరుస తిరగబడుతుంది. మేనేజరు ఆమోదం మొదటి మెట్టు అవుతుంది, హక్కుగా ఇచ్చిన సెలవు అనుమతిగా మారిపోతుంది. సెలవును విడతలుగా వాడుకుంటానంటే తేదీల గురించి మేనేజరు మాట్లాడవచ్చు. అర్హతను ప్రశ్నించే అధికారం మాత్రం ఉండకూడదు.

అపోహ: "15 రోజులు" అంటే 15 రోజులే, అందులో వివరించేదేముంది?

వాస్తవం: వారానికి ఐదు రోజులు పనిచేసే చోట, సోమవారం మొదలైన 15 క్యాలెండర్ రోజుల సెలవులో ఉండే పనిదినాలు 11. అదే 15 పనిదినాలైతే పూర్తిగా మూడు వారాలు. "పనిదినాలు" అనో "వారాంతాలు కలిపి" అనో ఒక్క మాట చేరిస్తే చాలు.

అపోహ: ప్రకటన వెలువడిన రోజు నుంచి అమలు అంటే సరిపోతుంది.

వాస్తవం: ప్రకటనకు రెండు వారాల ముందు బిడ్డ పుట్టినవారు, గత నెలలో దత్తత తీసుకున్నవారు, పాత నిబంధన కింద ఇప్పటికే సెలవులో ఉన్నవారు ఏ సంస్థలోనైనా ఉంటారు. మొదటి రోజు హెచ్‌ఆర్‌కు వచ్చే ప్రశ్న వారిదే. సెలవు వాడుకునే గడువు 6 నెలలైతే, గత 6 నెలల్లో బిడ్డ వచ్చినవారందరికీ కొత్త నిబంధన ప్రకారం మిగిలిన రోజులు ఇవ్వడం తేలిక, న్యాయం కూడా. అప్పటికే సాధారణ సెలవులు వాడేసినవారికి వాటిని తిరిగి జమచేస్తారో లేదో కూడా ఆ పేరాలోనే స్పష్టంగా రాయండి.