బంటు ఒక గడి వెనకే ఉంటే మేలు

చదరంగపు బల్లపై మూడే పావులు మిగిలాయనుకుందాం. తెల్ల రాజు e4 గడిలో, తెల్ల బంటు e3లో, నల్ల రాజు e6లో ఉన్నాయి. ఎత్తు వేయవలసింది తెలుపు. నలుపు సరిగా ఆడితే ఈ ఆట డ్రా అవుతుంది. ఇప్పుడు బంటును మాత్రం ఒక గడి వెనక్కి జరిపి e2లో పెట్టి, మిగతావి కదపకుండా, మళ్లీ తెలుపునే ఆడమందాం. ఈసారి తెలుపు తప్పకుండా గెలుస్తుంది. మంత్రిగా మారడానికి బంటు చేరవలసిన ఎనిమిదో వరుస ఒక గడి దూరమైనా ఫలితం మెరుగుపడింది. ఈ తేడాకు కారణమైన సూత్రాన్నే ఆటగాళ్లు అపోజిషన్ అంటారు.

రెండు రాజులు పక్కపక్క గడుల్లో నిలవకూడదన్న నియమం నుంచే ఇదంతా పుట్టింది. ఒకే నిలువు వరుసలో, మధ్యన ఒక్క గడి ఖాళీగా ఉంచి రాజులు ఎదురెదురుగా నిలిచినప్పుడు, వాటి మధ్య అడ్డ వరుసలో ఉన్న మూడు గడుల్లోకి ఏ రాజూ అడుగుపెట్టలేదు. e4లో తెల్ల రాజు, e6లో నల్ల రాజు ఉంటే d5, e5, f5 గడులు ఇద్దరికీ మూసుకుపోతాయి. అప్పుడు ఎత్తు ఎవరిదో వారు పక్కకో వెనక్కో తప్పుకోక తప్పదు. తప్పుకోగానే ఎదుటి రాజుకు దారి తెరుచుకుంటుంది. ఆటలో మిగతా వేళల్లో ఎత్తు చేతిలో ఉండడం లాభం. ఇక్కడ మాత్రం అదే భారం, ఎందుకంటే చదరంగంలో ఎత్తు వేయకుండా ఊరుకునే వీలు లేదు. ఎదుటివారు కదలక తప్పని విధంగా రాజును ఇలా నిలిపినవారికి అపోజిషన్ ఉన్నట్టు లెక్క.

ఇప్పుడు మొదటి స్థితిని చూద్దాం. బంటు e3లో ఉండి తెలుపు ఆడవలసి వచ్చినప్పుడు అపోజిషన్ నలుపుది. తెల్ల రాజు d4కు వెళితే నల్ల రాజు d6కు వచ్చి మళ్లీ ఎదురు నిలుస్తుంది. F4కు వెళితే f6కు వస్తుంది. రాజుతో దారి దొరకని తెలుపుకు బంటును తోయడమే మిగులుతుంది. రాజులు d4, d6 గడుల్లో ఉండగా బంటు e4కు వస్తే నల్ల రాజు e6కు, అది e5కు వస్తే నల్ల రాజు e7కు చేరుతుంది. తెల్ల రాజు d5కు, నల్ల రాజు d7కు వెళ్లాక, బంటు e6కు చెక్ ఇస్తూ వస్తుంది. నల్ల రాజు e7లోకి తిరిగి వస్తుంది, తెల్ల రాజు e5లో నిలుస్తుంది.

నలుపు అత్యంత జాగ్రత్తగా ఉండవలసిన క్షణం ఇదే. నల్ల రాజు వెనక్కి తగ్గాలి, అయితే d8, e8, f8 అనే మూడు గడుల్లో e8 ఒక్కటే ఆటను కాపాడుతుంది. e8కు వెళితే, తెల్ల రాజు d6కు వచ్చినా f6కు వచ్చినా నల్ల రాజు సరిగ్గా దాని ఎదుట d8లోనో f8లోనో నిలవగలదు. తెల్ల రాజు d6లో, నల్ల రాజు d8లో ఉండగా బంటు e7కు చెక్‌తో వస్తుంది, నల్ల రాజు e8కు తిరిగి వస్తుంది. ఆ బంటును కాపాడాలంటే తెల్ల రాజు e6కు రావాలి. వస్తే నల్ల రాజుకు కదలడానికి గడి లేక స్టేల్‌మేట్ అవుతుంది. రాకపోతే బంటే పోతుంది. రెండు విధాలా డ్రానే. స్టేల్‌మేట్‌ను గెలుపుగా లెక్కించే నియమమే ఉంటే ఈ డ్రా ఉండేది కాదన్నది ఇక్కడ గమనించదగినది.

అదే క్షణంలో నలుపు తొందరపడి d8కు వెళ్లిందనుకుందాం. తెల్ల రాజు d6కు వచ్చి తానే అపోజిషన్ పొందుతుంది. నల్ల రాజు e8కు జరుగుతుంది, బంటు e7కు వస్తుంది, ఈసారి చెక్ లేకుండా. నల్ల రాజుకు f7 తప్ప వేరే గడి ఉండదు. అది పక్కకు తప్పుకోగానే తెల్ల రాజు d7కు వచ్చి e8 గడిని తన అదుపులోకి తెచ్చుకుంటుంది, బంటు మంత్రి అవుతుంది. ఇటువంటి పోరాటంలో ఫలితాన్ని గుర్తుపట్టడానికి దీన్ని మించిన గుర్తు లేదు: ఆరో వరుసలో ఉన్న రాజు పక్క నుంచి బంటు ఏడో వరుసకు చెక్ ఇస్తూ చేరితే డ్రా, చెక్ లేకుండా చేరితే గెలుపు.

ఇక రెండో స్థితి. రాజు e4లో, బంటు e2లో ఉండగా కూడా మొదట అపోజిషన్ నలుపుదే. కాని ఇక్కడ తెలుపు చేతిలో ఒక ఎత్తు అదనంగా ఉంది. రాజును కదపకుండా బంటును e3కు తోస్తే, బల్ల మీద మొదటి స్థితే తిరిగి వస్తుంది, కాకపోతే ఆడవలసింది ఇప్పుడు నలుపు. నల్ల రాజు d6కు తప్పుకుంటే తెల్ల రాజు దానికి ఎదురుగా d4కు పోదు. రెండో వైపు నుంచి f5కు చొచ్చుకుపోతుంది. అపోజిషన్ పొందడమే గమ్యమనుకునేవారు పొరబడేది ఇక్కడే. ఎదుటి రాజును పక్కకు నెట్టడం వరకే దాని పని. నెట్టాక ముందుకు సాగాలి. నల్ల రాజు e7కు వస్తే తెల్ల రాజు e5లో ఎదురు నిలుస్తుంది. అది d7కు తప్పుకుంటే తెల్ల రాజు f6కు, అది e8కు వెళితే తెల్ల రాజు e6కు వెళుతుంది. తెల్ల రాజు ఆరో వరుసకు చేరింది, బంటు ఇంకా e3లోనే ఉంది, అయినా ఆట ముగిసినట్టే.

ఎందుకంటే, అంచు బంటు కానప్పుడు, బంటుకు ముందుగా రాజు ఆరో వరుసకు చేరితే ఎత్తు ఎవరిదన్నది ఇక పట్టదు. రాజు e6లో, బంటు e5లో, నల్ల రాజు e8లో ఉండి తెలుపే ఆడవలసి వచ్చినా, రాజు d6కు, నల్ల రాజు d8కు, బంటు e6కు, నల్ల రాజు e8కు వచ్చాక బంటు చెక్ లేకుండా e7కు చేరుతుంది. అందుకే అనుభవం ఉన్న ఆటగాడు ముందు రాజును నడిపి, బంటును వీలైనంత వెనక ఉంచుతాడు. వెనకున్న బంటు వేయగల ప్రతి ఎత్తూ అపోజిషన్‌ను తిప్పుకోవడానికి పనికొచ్చే నిల్వ. కొత్తవారు మొదట బంటునే పరిగెత్తిస్తారు, ఆ నిల్వ అలా ఖర్చయిపోతుంది.

రాజులు దూరంగా ఉన్నప్పుడు కూడా ఈ లెక్క పనిచేస్తుంది. ఒకే నిలువు వరుసలో వాటి మధ్య ఒకటి, మూడు, లేదా ఐదు గడులుంటే, అపోజిషన్ ఎత్తు వేయనక్కరలేనివారిది.

అంచు నిలువు వరుసల్లోని బంట్లకు మాత్రం ఇదేదీ చాలదు. తెల్ల రాజు b6లో, బంటు a5లో, నల్ల రాజు b8లో ఉండి నలుపే కదలవలసి వచ్చినా తెలుపు గెలవలేదు. నల్ల రాజు a8కు వెళుతుంది. బంటు a6కు వస్తే b8కు తిరిగి వస్తుంది. బంటు a7కు చెక్‌తో వస్తే మళ్లీ మూలకు పోతుంది, తెల్ల రాజు a6కు వచ్చి బంటును కాపాడితే స్టేల్‌మేట్. రాజును ఒక వైపుకు నెట్టి రెండో వైపు నుంచి చొచ్చుకుపోవడం అపోజిషన్ ఇచ్చే లాభం. A వరుసకు ఆవల రెండో వైపే లేదు కనుక నెట్టినా నల్ల రాజు మూల గడిని విడవదు.