ముఖం లేని ఛానెల్‌కి స్క్రిప్టు: గొంతు, స్టాక్ ఫుటేజీ చుట్టూ ఉన్న అపోహలు – వాస్తవాలు

ఉదాహరణకి నాగార్జునసాగర్ ఆనకట్ట మీద ఎనిమిది నిమిషాల తెలుగు వీడియో అనుకుందాం. యాంకర్ లేడు, షూటింగ్ లేదు. వాయిస్ ఓవర్, స్టాక్ క్లిప్పులు, కొన్ని ఫొటోలు, ఒకట్రెండు మ్యాపులు. అంతే సరంజామా.

అపోహ: నిమిషానికి 150 పదాలు. ఎనిమిది నిమిషాలకి 1200 పదాలు రాస్తే సరి.

అది ఇంగ్లీషు లెక్క. ఇంగ్లీషులో మూడు పదాలయ్యేది తెలుగులో విభక్తులతో కలిసి ఒక్క పదమైపోతుంది. తాపీగా, అర్థమయ్యేలా చదివితే తెలుగు నిమిషానికి 90 నుంచి 110 పదాల మధ్య నడుస్తుంది. 1200 పదాలు రాస్తే వీడియో పన్నెండు నిమిషాల దాకా సాగుతుంది. అప్పుడు నిడివి తగ్గించడానికి గొంతు వేగం పెంచుతారు, వినేవాడికి ఊపిరాడదు.

అంకెలు ఇంకా మోసం చేస్తాయి. "1967 ఆగస్టు 4న" అన్నది కాగితం మీద మూడు ముక్కలు, నోట్లో మాత్రం "పంతొమ్మిది వందల అరవై ఏడు ఆగస్టు నాలుగున". చదివేవాళ్ల కాపీలో అంకెల్ని అక్షరాల్లోనే రాయండి. తడబాటు తగ్గుతుంది, నిడివి కూడా ముందే తెలుస్తుంది. మీ గొంతు వేగం తెలుసుకోవాలంటే రాసిన స్క్రిప్టులోంచే ఒక పేజీ గడియారం పెట్టుకుని పైకి చదవండి. మనసులో చదివితే లెక్క తప్పుతుంది.

అపోహ: ముందు కథనం పూర్తి చేసేద్దాం, విజువల్స్ ఎడిటర్ చూసుకుంటాడు.

ఎక్కువ వీడియోలు చెడేది ఇక్కడే. "ఈ ప్రాజెక్టు ఆ ప్రాంత ఆర్థిక ముఖచిత్రాన్నే మార్చేసింది" అని రాస్తే ఎడిటర్ ఏం వెతకాలి? దొరికేవి నాణేల కుప్ప, పైకెళ్లే గ్రాఫు, టైమ్‌లాప్స్‌లో నగరం. యాంకర్ ఉంటే ఇలాంటి వాక్యాన్ని ఆయన ముఖం మోస్తుంది. ఇక్కడ ఆ ఆసరా లేదు. చూపించడానికి ఏమీ లేని మాట ఆరేడు సెకన్లు దాటితే ఆ ఖాళీ తెరమీద బయటపడుతుంది.

అదే సంగతి ఇలా రాయొచ్చు: "కాలువల్లో నీళ్లొచ్చాయి. మెట్ట చేలల్లో వరి నాట్లు పడ్డాయి." నీళ్లు, కాలువ, నాట్లు: మూడూ కంటికి కనిపించేవే. వాక్యం రాస్తున్నప్పుడే పక్కన క్యూ రాయండి, అంటే ఆ మాట దగ్గర తెరమీద ఏం పడాలో చెప్పే సూచన. క్యూ తోచకపోతే ఆ వాక్యాన్ని మార్చాల్సిందే.

అపోహ: క్యూ ఎంత వివరంగా ఉంటే అంత మంచిది.

"దిగులుగా ఆకాశం వంక చూస్తున్న ముసలి రైతు, వెనక ఎండిన చెరువు, కెమెరా ఎడమ నుంచి కుడికి" అన్నది షూటింగుకి వెళ్లే కెమెరామన్‌కి ఇచ్చే సూచన. స్టాక్ సైట్లో ఆ షాట్ ఉండదు. అక్కడ వెతుకులాట ఎక్కువగా ఇంగ్లీషు ట్యాగులతోనే సాగుతుంది కాబట్టి టైప్ చేయాల్సిన మాటల్నే క్యూలో ఇవ్వాలి. ఏం కనిపించకూడదో, అది దొరక్కపోతే ఏం వాడాలో కూడా చెప్పాలి.

```
క్యూ 14 | స్టాక్
మాట: "నాట్లు"
search: india women planting rice close up
వద్దు: conical hat, machine
లేకపోతే: canal water flowing field
```

`paddy field` అని మాత్రమే కొడితే శంఖాకారపు టోపీలు పెట్టుకున్న ఆగ్నేయాసియా రైతులు వరుసగా వస్తారు. మిర్యాలగూడ ప్రేక్షకుడు ఆ టోపీ చూసిన క్షణంలోనే కామెంట్ పెడతాడు. "వద్దు" గడి అందుకే.

క్యూలో సెకన్లు రాయకపోవడమే మేలు. రికార్డింగ్ అయ్యేదాకా ఏ వాక్యం ఎక్కడ పడుతుందో తెలియదు, ఒక్క పేరా మారితే కింద ఉన్న అంకెలన్నీ తప్పుతాయి. క్యూని మాటకి కట్టండి. తెలుగులో క్రియ చివరికి వస్తుంది కదా, "26 గేట్లూ ఒకేసారి ఎత్తారు" అన్న వాక్యం మొదట్లోనే గేట్లు లేచే షాట్ పడితే మాట కంటే ముందే విషయం బయటపడిపోతుంది. "26" దగ్గర మూసిన గేట్లు, "ఎత్తారు" దగ్గర ఎగసిపడే నీళ్లు. ఒక వాక్యానికి రెండు క్యూలు.

అపోహ: డ్యామ్ అంటే ఏదో ఒక డ్యామ్ పెట్టేస్తే చాలు, ఎవరు చూస్తారు?

చూస్తారు. నాగార్జునసాగర్ రాతికట్టడం. స్టాక్ సైట్లో `dam` అని వెతికితే ఎక్కువగా వచ్చేవి విదేశీ కాంక్రీటు ఆనకట్టలు, వాటిలో విల్లులా వంగినవి బోలెడు. సాగర్‌కి ఒక్కసారి వెళ్లొచ్చినవాళ్లు కూడా తేడా పట్టేస్తారు.

దీనికి మా పద్ధతి చెప్తాం. పేరు పలికినచోట అసలు దృశ్యమే పడాలి: ఆ ఆనకట్ట ఫొటో, లేదా కృష్ణా నది మ్యాపు. పని గురించి చెప్పేచోట స్టాక్ వాడొచ్చు. ఈ పేరా చూడండి:

"కాంక్రీటు కాదు, రాయి. వేలమంది కూలీలు రాయి మీద రాయి పేర్చారు. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ కుడి, ఎడమ కాలువలకు నీళ్లు వదిలారు."

"రాయి" దగ్గర అసలు ఆనకట్ట గోడ ఫొటో, నెమ్మదిగా జూమ్. "పేర్చారు" దగ్గర ఉలి పట్టిన చేతుల స్టాక్ క్లిప్పు, ముఖాలు లేకుండా దగ్గరి షాట్. తేదీ దగ్గర అక్షరాలు తెరమీద. "కుడి, ఎడమ" దగ్గర మ్యాపు మీద రెండు గీతలు సాగాలి. "వదిలారు" తర్వాత కాలువ నీళ్లు, రెండు సెకన్లు గొంతు లేకుండా. ఆ మౌనాన్ని కూడా స్క్రిప్టులో రాయాలి, రాయకపోతే ఎడిటర్ ఖాళీ అనుకుని కోసేస్తాడు.

ఉలి చేతులు 1960ల నాటివి కావు కాబట్టి మూలలో "ప్రతీకాత్మక చిత్రం" అని వేయండి. దానికి నలుపు తెలుపు రంగు, గీతల ఎఫెక్టు అద్ది పాత ఫిల్ములా చూపించడం మాత్రం మోసమే. అలాగే "ఈ ఆనకట్ట" అని గొంతు అంటుంటే తెరమీద అదే ఉండాలి. అసలు ఫొటో లేనిచోట పేరుతో చెప్పి మ్యాపు వేయండి.

అపోహ: ఉచితంగా డౌన్‌లోడ్ అయితే ఉచితంగా వాడొచ్చు.

వికీమీడియా కామన్స్‌లో ఫొటో ఫొటోకీ లైసెన్సు వేరు. CC BY, CC BY-SA అనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు ఉంటే తీసినవారి పేరు, లైసెన్సు, లింకు ఇవ్వాలి. వేరేచోట దొరికే, వ్యాపారానికి వాడకూడదని చెప్పే NC గుర్తున్న ఫొటోలు ప్రకటనలొచ్చే ఛానెల్‌కి పనికిరావు. పాత న్యూస్‌రీళ్ల సంగతికొస్తే, భారత చట్టంలో సినిమాకి కాపీరైటు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. ఆనకట్టకి శంకుస్థాపన జరిగిన 1955లోనే విడుదలైన రీలుకి 2015 చివరితో ఇక్కడ గడువు తీరింది. కానీ మీకు దొరికిన కాపీకి ఎవరైనా కొత్త సంగీతం కలిపి ఉంటే ఆ సంగీతానికి వేరే హక్కుదారు ఉంటాడు. శబ్దం తీసేసి బొమ్మ మాత్రమే వాడండి.

క్యూ షీటులో చివరి గడి దీనికోసమే: లింకు, లైసెన్సు, డౌన్‌లోడ్ చేసిన తేదీ. ఆర్నెల్ల తర్వాత కాపీరైటు క్లెయిమ్ వస్తే ఏ క్లిప్పు ఎక్కడిదో వెతుక్కోవడానికి అదొక్కటే దారి.