బిల్లు చేతిలో ఉన్నంత మాత్రాన క్రెడిట్ రాదు

బెంగళూరు పీణ్యలో ఉక్కు బీరువాలు తయారుచేసే చిన్న వర్క్‌షాపులకు నేను జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. అక్కడ నెలనెలా వినే మాట ఒకటే: ‘బిల్లులో పన్ను కట్టేసినాను కదా సార్, మళ్లీ నేనెందుకు కట్టాల?’

ముందుగా గొలుసు ఎలా నడుస్తుందో చూద్దాం. రేకుల వ్యాపారి రూ.10,000 రేకుపై 18 శాతం, అంటే రూ.1,800 వసూలు చేస్తాడు. ఆ రేకుతో చేసిన బీరువాను వర్క్‌షాపు రూ.16,000కు దుకాణానికి అమ్మి రూ.2,880 పన్ను తీసుకుంటుంది. అందులోంచి రేకుపై ఇచ్చిన రూ.1,800 మినహాయించుకుని రూ.1,080 మాత్రమే ప్రభుత్వానికి కడుతుంది. ఈ మినహాయింపునే క్రెడిట్ అంటాం. దుకాణం దాన్ని రూ.20,000కు ఇంటివాళ్లకు అమ్మి, రూ.3,600లో తన క్రెడిట్ రూ.2,880 పోగా రూ.720 కడుతుంది. మూడూ కలిపితే సరిగ్గా రూ.3,600. కాబట్టి ‘చేయి మారినప్పుడల్లా పన్ను మీద పన్ను’ అన్న ప్రచారంలో నిజం లేదు. క్రెడిట్ అందినంతవరకు ప్రతి ఒక్కరూ తాము పెంచిన విలువ మీదే కడతారు.

అసలు నష్టం ‘బిల్లు ఉంటే చాలు’ అన్న నమ్మకం వల్ల వస్తోంది. 2022 జనవరి 1 నుంచి, అమ్మినవాడు ఆ బిల్లును తన అమ్మకాల రిటర్ను GSTR-1లో చూపించి, అది మనకు వచ్చే క్రెడిట్ల జాబితా GSTR-2Bలోకి వస్తేనే క్రెడిట్ తీసుకోవాలి. రేకుల వ్యాపారి చూపించకపోతే, వర్క్‌షాపు రూ.1,080కి బదులు రూ.2,880 కట్టాలి.

మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒకాయన, రూ.50,000 రేకు బిల్లుపై రూ.9,000 క్రెడిట్‌ను 2B చూడకుండానే వాడుకున్నాడు. నోటీసు పట్టుకుని నా దగ్గరికి వచ్చిన రోజు ఆయన చేతులు వణుకుతున్నాయి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇచ్చాడు, సరుకు వచ్చింది, మోసం ఏమీ లేదు. అయినా క్రెడిట్‌ను వెనక్కి కట్టి, వడ్డీ కూడా చెల్లించక తప్పలేదు.

2Bలో బిల్లు కనిపించినా పని పూర్తయినట్టు కాదు. అమ్మినవాడు పన్ను లెక్కగట్టి చెల్లించే రిటర్ను GSTR-3Bని ఆ కాలానికి ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే సెప్టెంబరు 30 లోపు వేయకపోతే, కొన్నవాడు నవంబరు 30 లోపు ఆ క్రెడిట్‌ను తిప్పి కట్టాలి; అతను తర్వాత వేస్తే మళ్లీ తీసుకోవచ్చు. అమ్మినవాడికి 180 రోజుల్లో డబ్బు చెల్లించకపోయినా క్రెడిట్ వెనక్కి పోతుంది. బిల్లులో పన్ను వసూలు చేయని కాంపోజిషన్ డీలరు దగ్గర కొంటే క్రెడిట్ అసలే ఉండదు.

2B ప్రతి నెలా 14న సిద్ధమవుతుంది, నెలవారీ 3Bకి గడువు 20. ఆ మధ్య రోజుల్లో కొనుగోలు పుస్తకాన్ని బిల్లు నంబరు వారీగా 2Bతో సరిచూసి, కనిపించని బిల్లుల గురించి అమ్మినవాళ్లకు ఫోన్ చేయాలి. మదనపల్లె ఆయనకు రేకు అమ్మిన వ్యాపారి చివరికి గడువులోపు ఆ బిల్లును GSTR-1లో చేర్చాడు. ఆ నెల 2Bలో రూ.9,000 కనిపించాకే నేను క్రెడిట్ తిరిగి వేశాను, వడ్డీ మాత్రం ఆయనకు తిరిగి రాలేదు.