అడగకముందే పడిన కుకీ: అనుమతి నోటీసు వెనుక చరిత్ర

విజయనగరంలో నాకు తెలిసిన ఒక విశ్రాంత తెలుగు మాస్టారు పైడితల్లమ్మ సిరిమానోత్సవం మీదా, ఉత్తరాంధ్ర జానపద కళల మీదా రాసిన వ్యాసాలను ఏళ్ల తరబడి తన వెబ్‌సైటులో పెడుతున్నారు. చదివేవారిలో జర్మనీ, ఐర్లండులలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన జిల్లా పిల్లలు కూడా ఉన్నారు. సందర్శకుల లెక్క కోసం గూగుల్ అనలిటిక్స్, హోస్టింగ్ ఖర్చుల కోసం యాడ్‌సెన్స్ ప్రకటనలు వాడుతున్నారు. పేజీ అడుగున "ఈ సైటు కుకీలను వాడుతుంది" అన్న వాక్యం, పక్కన "సరే" అన్న ఒకే ఒక బటన్ ఉన్నాయి. ఈ మధ్య ఆ సైటును క్రోమ్ ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి, ఆ బటన్ ముట్టుకోకుండానే F12 నొక్కి, Application విభాగంలో Cookies చూశాం. మన బ్రౌజరులో సైట్లు దాచే చిన్న గుర్తులైన కుకీల్లో రెండు, అనలిటిక్స్‌ది `_ga`, ప్రకటనలది `__gads`, అప్పటికే అక్కడ ఉన్నాయి. అంటే, ఆ నోటీసు ఏమీ అడగడం లేదు, జరిగిపోయినదాన్ని చెబుతోంది.

ఇలాంటి నోటీసులు ఇంత విరివిగా ఎందుకు కనిపిస్తున్నాయో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి. 1994లో నెట్‌స్కేప్‌లో లూ మోంటూలీ కుకీని రూపొందించినప్పుడు, ఒక పేజీ నుంచి మరో పేజీకి వెళ్లిన మనిషిని వెబ్‌సైటు మరిచిపోకుండా ఉండటమే దాని ఉద్దేశం. అయితే ఒకే ప్రకటనల సంస్థ వందల సైట్లలో కనిపించడంతో, ఆ చిన్న గుర్తే మనిషి వెంట సైటు నుంచి సైటుకు తిరిగే జాడగా మారింది. ఈ ప్రమాదాన్ని సాంకేతిక నిపుణులు తొందరగానే గుర్తించారు. బయటి సంస్థల కుకీలను బ్రౌజర్లు వాటంతట అవి అంగీకరించకూడదని 1997లో వెలువడిన RFC 2109 ప్రమాణం చెప్పింది. ప్రధాన బ్రౌజర్లు ఆ మాటను అమలు చేయలేదు. ఆ పని అప్పుడే జరిగి ఉంటే నేటి నోటీసుల్లో చాలా భాగం అవసరమయ్యేది కాదని నా అభిప్రాయం.

బ్రౌజరు వదిలేసిన పనిని ఐరోపా చట్టం చేపట్టింది. 2002 నాటి ఈ-ప్రైవసీ ఆదేశం, తెలియజేసి, వద్దనే హక్కు ఇస్తే చాలంది. 2009 సవరణ ఆ వరుసను తిప్పేసి, అత్యవసరం కాని కుకీకి ముందుగా అనుమతి ఉండాలంది. చాలా సైట్లు మాత్రం పాత పద్ధతికే కొత్త వాక్యం తగిలించి సరిపెట్టుకున్నాయి. మాస్టారి సైటులోని "సరే" బటన్ ఆ కాలపు అలవాటే. 2018 మే 25న అమల్లోకి వచ్చిన ఐరోపా డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ అనుమతికి కచ్చితమైన అర్థం ఇచ్చాక, 2019 అక్టోబరు 1న ప్లానెట్49 కేసులో ఐరోపా న్యాయస్థానం ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి అనుమతి కాదని తేల్చింది. కుకీ ఎంతకాలం ఉంటుందో, దాన్ని ఇంకెవరు చూడగలరో కూడా చెప్పాలంది. ఐరోపా సందర్శకులకు ప్రకటనలు చూపే యాడ్‌సెన్స్ సైట్లు సందర్శకుల అనుమతి అడిగి నమోదు చేసే సాఫ్ట్‌వేర్ పరికరాల్లో తాను ధ్రువీకరించినదాన్నే వాడాలని గూగుల్ 2024 జనవరి 16 నుంచి నిబంధన పెట్టింది.

మాస్టారి సైటులో మార్పు అక్కడే మొదలైంది. ధ్రువీకరణ ఉన్న పరికరాన్ని పెట్టి, "అంగీకరిస్తాను", "నిరాకరిస్తాను" అన్న బటన్లను ఒకే పరిమాణంలో ఉంచాం. ప్రకటనల సంగతి ఆ పరికరమే చూసుకుంటుంది. అనలిటిక్స్ కోసం మాత్రం, పేజీలో పెట్టిన గూగుల్ కోడ్‌లో `gtag`ను నిర్వచించిన వెంటనే, `config` వరుసకు ముందు ఇది చేర్చాం:

```
gtag('consent', 'default', {
  'ad_storage': 'denied',
  'ad_user_data': 'denied',
  'ad_personalization': 'denied',
  'analytics_storage': 'denied'
});
```

ఇది `config` తర్వాత పడితే కుకీ ముందే వచ్చేస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. ఇంకొక పరిమితి ఉంది. ఈ పద్ధతిలో నిరాకరించినా, కుకీ లేని చిన్న సంకేతాలు గూగుల్‌కు వెళ్తూనే ఉంటాయి. అవీ వద్దనుకుంటే అనుమతి వచ్చేదాకా అనలిటిక్స్ స్క్రిప్టును లోడ్ చేయకుండా ఆపాలి. కొన్ని పరికరాలు ఐరోపా సందర్శకులకే నోటీసు చూపిస్తాయి కాబట్టి, విజయనగరంలో కూర్చుని పరీక్షిస్తే ఏమీ కనబడక, పని చేయడం లేదేమోనన్న అనుమానం కలుగుతుంది. మేము అందరికీ చూపేలా అమర్చాం.

అందరికీ అనుకోవడానికి కారణం మన చట్టమే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో కుకీ అన్న మాట లేకపోయినా, వ్యక్తిని గుర్తించగల సమాచారానికి స్పష్టమైన చర్యతో ఇచ్చిన అనుమతి కావాలనీ, ఇచ్చినంత తేలిగ్గా దాన్ని వెనక్కి తీసుకోగలగాలనీ ఉంది. నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలుండాలి కాబట్టి తెలుగుకూ అందులో చోటుంది. 2025 నవంబరులో వెలువడిన నియమాల ప్రకారం ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి.

ఎక్కడి నుంచో అతికించిన పాత గోప్యతా విధానంలో అనలిటిక్స్ పేరే లేదు. దాన్ని తీసేసి, ఏ సేవ ఏ కుకీ పెడుతుందో, ఎందుకో, ఎంతకాలమో, ఆ సమాచారం ఎవరికి చేరుతుందో, మనసు మారితే ఎక్కడ నొక్కాలో మాస్టారు తన సొంత తెలుగులో రాశారు. `_ga` గడువు దగ్గర ఆయన ఆగి ఒక మంచి ప్రశ్న వేశారు: గూగుల్ రెండేళ్లంటే, తెర మీద సుమారు పదమూడు నెలలే ఎందుకుంది? ఏ కుకీనైనా క్రోమ్ 400 రోజులకే పరిమితం చేస్తుంది. మిగతా బ్రౌజర్లలో లెక్క వేరు కావచ్చు. ఆయన "గరిష్ఠంగా రెండేళ్లు" అని రాసుకుని, కొత్త ఇన్‌కాగ్నిటో విండోలో "నిరాకరిస్తాను" నొక్కి, మరోసారి F12 తెరిచారు. నిరాకరణను గుర్తుంచుకునే కుకీ తప్ప అక్కడ ఇంకేదీ లేదు.