జెర్సీ ముడతలో అంకె ఎటు జరుగుతుంది?

మా ఊరి హైస్కూల్లో పీఈటీగా పనిచేసే మిత్రుడు పోయిన నెల ఒక గ్రూప్ ఫొటో పంపాడు. పన్నెండు మంది కబడ్డీ పిల్లలు, ముందు వరుసలో ఐదుగురు కూర్చుని, వెనక ఏడుగురు నిలబడి ఉన్నారు. అందరివీ తెల్ల జెర్సీలు, వాటి మీద ముదురు నీలం అంకెలు. ఫొటో తీసిన వారానికి దాత ఒకాయన మెరూన్ రంగు జెర్సీలు కుట్టించి ఇచ్చారు, అంకెలు కూడా మారాయి. స్కూలు గోడకు తగిలించే ఫ్లెక్సీలో కొత్త జెర్సీలే కనిపించాలి. మళ్లీ తీద్దామంటే పిల్లల్లో ఇద్దరు ఊళ్లో లేరు. ‘స్టూడియో అతను చేసిచ్చాడు గానీ అంకెలు స్టిక్కర్లు అతికించినట్టున్నాయి, ఎందుకో చెప్పు’ అని అడిగాడు.

ఫొటో పెద్దది చేసి చూస్తే కారణం తెలిసిపోయింది. రంగు బాగానే మార్చారు. అంకెలు మాత్రం రూళ్ల కాగితం మీద రాసినంత తిన్నగా ఉన్నాయి. కింద బట్ట ముడత పడి లోపలికి పోయి బయటికి వస్తోంది, పైన అంకె చలించడం లేదు. మన కంటికి ఇలాంటివి చెప్పలేనంత తొందరగా దొరికిపోతాయి. పుట్టినప్పటి నుంచీ బట్టలు చూస్తున్నాం కదా.

రంగు సంగతి త్వరగా చెప్పేస్తాను. తెల్ల బట్ట మీద ఒక చోట కనిపించే వెలుగు అంటే బట్ట రంగును అక్కడ పడ్డ కాంతితో గుణించిన ఫలితం. బట్ట తెల్లనిదైతే రంగు లెక్కలో దాదాపు ఒకటి, మిగిలేది కాంతి మాత్రమే. అంటే తెల్ల జెర్సీ ఫొటో అప్పటికే కాంతి పటం. దాన్ని మెరూన్‌తో గుణిస్తే చాలు, ఫొటోషాప్‌లో Multiply అనే బ్లెండ్ మోడ్ చేసేది ఇదే. తిరగేసి ముదురు నీలాన్ని పసుపు చేయాలంటే మాత్రం కష్టం. ఫైల్లో ఎరుపు వెలుగును విడిగా 0 నుంచి 255 దాకా అంకెల్లో రాసే భాగం ఎరుపు చానల్. ముదురు బట్టలో దాని విలువలు 10 నుంచి 25 మధ్య ఇరుక్కుని ఉంటాయి. ఆ పదిహేను మెట్లను రెండు వందల మెట్లుగా సాగదీస్తే ముడతల్లో నునుపు పోయి చారలు కనిపిస్తాయి, గింజలు తేలతాయి. అందుకే తర్వాత రంగు మార్చే ఉద్దేశం ఉంటే తెల్ల జెర్సీలోనే ఫొటో తీయించాలి.

నాకు అసలు ఇష్టమైనది అంకె సంగతి. బట్ట మీద అచ్చు వేసిన అంకె ముడత దగ్గర ఏమవుతుంది? మూడు వేర్వేరు పనులు జరుగుతాయి. ఇంట్లో పట్టుచీర ఉంటే కుచ్చిళ్లు పట్టుకుని చూడండి. అంచు మీద వరుసగా మామిడి పిందెలు ఉన్నాయనుకుందాం. మన వైపు తిరిగిన మడత మీద పిందె పూర్తి వెడల్పుతో ఉంటుంది. పక్కకు వాలిన చోట అదే పిందె సన్నబడుతుంది. మడత లోపలికి పోయిన చోట పిందె సగమే కనిపించి, దాని పక్కన వేరే పిందె సగం మొదలవుతుంది. సన్నబడటం, దాక్కోవడం, ఈ రెండూ కుచ్చిళ్లలో స్పష్టంగా తెలుస్తాయి. మూడోది పక్కకు జరగడం. అది చూడాలంటే కుచ్చిళ్లకు ఎదురుగా కాక, కొంచెం పక్కగా నిలబడాలి.

సన్నబడటానికి లెక్క ఉంది. మనకు ఎదురుగా ఉన్న బట్ట 60 డిగ్రీలు వాలితే దాని మీది సెంటీమీటరు మనకు అర సెంటీమీటరుగా కనిపిస్తుంది, ఎందుకంటే 60 డిగ్రీల కొసైన్ అర. ఇప్పుడు కాంతి వైపు చూడండి. మెరుపు లేని తలం మీద ఎంత కాంతి పడుతుందో చెప్పే సూత్రాన్ని లాంబర్ట్ 1760లో రాశాడు, అందులోనూ కొసైనే. కాంతికి 60 డిగ్రీలు వాలిన బట్ట మీద సగం కాంతే పడుతుంది. కెమెరా మీది ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో కాంతి దిక్కూ చూపు దిక్కూ ఒకటే. కాబట్టి ముడత మీద ఎక్కడ కాంతి సగమైందో అక్కడే అంకె వెడల్పు కూడా సగమవ్వాలి. నీడే కొలబద్ద! పదో తరగతిలో కొసైన్‌ని నిచ్చెనలతో, గుడి గోపురాలతో చెబుతాం. పిల్లవాడు వేసుకున్న చొక్కా మీదే అది రెండు సార్లు పనిచేస్తోందని ఒక్కసారి చూపిస్తే ఎంత బాగుంటుంది!

ఇక్కడ ఒక జాగ్రత్త. ఫైల్లోని అంకె సగమైతే కాంతి సగమైనట్టు కాదు. మామూలు జేపెగ్‌లో 255 పూర్తి తెలుపు, దాంట్లో సగం కాంతికి రాసే విలువ 188 దగ్గర ఉంటుంది. 128 చూసి ‘సగం’ అనుకుంటే వాలును తక్కువగా లెక్కేస్తారు, అంకె తగినంత సన్నబడదు.

ఇక పక్కకు జరగడం. ముడత మీద ఉబ్బిన భాగం కెమెరాకు కొంచెం దగ్గర. కెమెరాకు సూటిగా ఎదురున్న పిల్లవాడి విషయంలో ఆ దగ్గరతనం వల్ల ఏమీ జరగదు. చివర కూర్చున్న పిల్లవాణ్ణి కెమెరా ఏటవాలుగా చూస్తోంది కాబట్టి ఉబ్బిన చోటి అచ్చు ఫొటో మధ్య నుంచి బయటి వైపుకు జరిగి కనిపిస్తుంది. ఎంత జరుగుతుందో మా మిత్రుడి ఫొటో మీదే లెక్క వేద్దాం. కెమెరా నాలుగు మీటర్ల దూరంలో ఉంది. ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్లు, అందులో పట్టింది ఐదు మీటర్లు, అంటే సెంటీమీటరుకు 12 పిక్సెళ్లు. 20 సెంటీమీటర్ల అంకె 240 పిక్సెళ్ల ఎత్తు ఉంటుంది. ముందు వరుస చివరి పిల్లవాడు మధ్య నుంచి మీటరున్నర పక్కగా ఉన్నాడు, అతని ఛాతీ కెమెరా ఎత్తు కంటే 60 సెంటీమీటర్లు కింద ఉంది. ముడత లోతు రెండు సెంటీమీటర్లు అనుకుంటే, పక్కకు జరిగేది 2 × 1.5 ÷ 4, అంటే ముప్పావు సెంటీమీటరు, 9 పిక్సెళ్లు. కిందికి జరిగేది 2 × 0.6 ÷ 4, అంటే 0.3 సెంటీమీటరు, సుమారు 4 పిక్సెళ్లు.

ఈ జరుపుడునే ఫొటోషాప్‌లో Filter > Distort > Displace చేస్తుంది. దానికి జెర్సీ ఫొటో నుంచే తీసిన ఒక బూడిద రంగు పటం ఇవ్వాలి, దాన్ని .psd గా సేవ్ చేసి ఉంచాలి. పటంలో విలువ 128 ఉన్న చోట అంకె కదలదు. అంతకంటే తెలుపైతే ఒక వైపు, నలుపైతే రెండో వైపు జరుగుతుంది. స్కేలు 100 పెడితే గరిష్ఠంగా 128 పిక్సెళ్లు. మన పటంలో ముడత అడుగు 64, ఉబ్బు 192 ఉందనుకోండి, రెండింటి తేడా 128. అప్పుడు అడ్డంగా 7, నిలువుగా 3 ఇస్తే అడుగుకూ ఉబ్బుకూ మధ్య 9, 4 పిక్సెళ్ల తేడా వస్తుంది. పైన లెక్క చెప్పిన జవాబే. ఎడమ చివరి పిల్లవాడికీ కుడి చివరి పిల్లవాడికీ అడ్డం గుర్తు తిరగబడాలి, ఒకరికి 7 అయితే ఇంకొకరికి -7. వెనక వరుసను బల్ల మీద నిలబెట్టి ఉంటే నిలువు గుర్తు కూడా తిరగబడుతుంది. పన్నెండు మందికీ ఒకే స్కేలు కొడితే ఒక వైపు వాళ్ల అంకెలు ముడతలకు ఎదురు నడుస్తాయి. స్టిక్కర్‌లా ఉండటం తగ్గుతుంది గానీ బట్ట నీళ్లలో ఉన్నట్టు కనిపిస్తుంది.

అయితే ఈ ఫిల్టర్ ఒక నమ్మకం మీద నడుస్తుంది: తెల్లగా ఉన్నది ఎత్తు, నల్లగా ఉన్నది లోతు అని. మబ్బు పట్టిన రోజునో చెట్టు నీడలోనో తీసిన ఫొటోకి ఇది చాలా వరకు నిజం. ముడత అడుగుకు ఆకాశం కొంచెమే కనిపిస్తుంది, అందుకే అక్కడ చీకటి. ఎండ పక్క నుంచి పడితే మాత్రం ముడతకు ఒక చెంప తెల్లగా, ఒక చెంప నల్లగా ఉంటుంది. రెండు చెంపల ఎత్తూ ఒకటే అయినా ఫిల్టర్ వాటిని వేరుగా చదువుతుంది. అలాంటి ఫొటోలో ఫిల్టర్ పక్కన పెట్టి, పెద్ద ముడతల వెంట అంకెను Warp తో చేత్తో జరపడమే నయం.

పటం తయారు చేయడంలోనే చాలామంది చెడిపోతారు. పాత నీలం అంకె ఉన్న పటం ఇస్తే ఫిల్టర్ దాన్ని అంకె ఆకారపు గొయ్యి అనుకుంటుంది. కొత్త అంకె మీద పాత అంకె అంచు దెయ్యంలా తేలుతుంది. ముందు పాతది చెరపాలి, అదీ కింద ముడత పోకుండా. నీలం అచ్చు మీద కూడా కాంతి అలాగే పడుతుంది కాబట్టి, అచ్చు లోపల నీలం చానల్‌ని తగినంత హెచ్చిస్తే ముడత తిరిగి బయటికొస్తుంది. అంచులో రెండు మూడు పిక్సెళ్లు మాత్రం క్లోన్ స్టాంపుతో సర్దాలి. తర్వాత పటాన్ని కొంచెం బ్లర్ చేయాలి. లేకపోతే అల్లిక గింజ కూడా ఎత్తుపల్లాల్లా చదివి, అంకె అంచు రంపంలా వస్తుంది. మా ఫొటోకి మొదట 4 పిక్సెళ్ల గాసియన్ బ్లర్ ఇచ్చాను.

ఎంత బ్లర్ అనేది అచ్చు రకం మీద కూడా ఆధారపడుతుంది. సబ్లిమేషన్ జెర్సీల్లో 200 డిగ్రీల దగ్గర రంగు ఆవిరై పాలిస్టర్ దారంలోకే ఇంకుతుంది, కాబట్టి అంకె చిన్న ముడతకు కూడా వంగుతుంది. వేడితో అతికించే వినైల్ అంకె కొంచెం బిరుసు, అది పెద్ద ముడతలకే లొంగుతుంది. కొత్త జెర్సీల మీద ఏది ఉందని అడిగితే వినైల్ అన్నాడు. బ్లర్ 8కి పెంచాను.

మిగిలింది దాక్కోవడం. దీన్ని ఫిల్టర్ చేయలేదు, అది జరుపుతుంది గానీ దాచదు. వరుసలో ఒక పిల్లవాడు చేతులు కట్టుకుని ఉన్నాడు, ఛాతీ మీద ఒక లోతైన మడత ఏటవాలుగా పోతోంది. అతనికి కొత్త అంకె 8. వాళ్లమ్మ ‘ఎనిమిది శని అంకె, మార్చండి సార్’ అని స్కూలుకి వచ్చి అడిగిందట. అంకెకు అలాంటి బలం లేదని మా మిత్రుడు ఓపిగ్గా చెప్పి పంపాడు. నా పనిలో 8 కష్టమైనదే, కారణం దాని ఆకారం. రెండు సున్నాలూ కలిసే నడుము సరిగ్గా మడతలో పడింది. అంకెను మడత గీత వెంట రెండు ముక్కలుగా కోసి, కింది ముక్కలో పై నుంచి 14 పిక్సెళ్లు చెరిపి, మిగిలినదాన్ని మడత దాకా పైకి జరిపాను. నడుము మాయమైంది, రెండు సున్నాల వంపులు మడతకు అటూ ఇటూ కొంచెం తప్పుగా కలిశాయి. ఆ తప్పు కలయికే అంకె బట్ట మీద ఉందని చెబుతోంది.

చివరగా కాంతి పటాన్ని అన్నిటి పైన Multiply లో వేశాను, తెల్ల అంకె కూడా ముడతలో బూడిద రంగుకు తిరగాలి కదా. అంతా అయ్యాక ఇంకా ఏదో తేడా. చాలాసేపు చూస్తే దొరికింది. తెల్ల జెర్సీ ఎండ వెలుగును పైకి తిప్పి పిల్లల గడ్డాల కింద తెల్లగా పోసింది. మెరూన్ బట్ట అంత కాంతిని తిప్పదు, తిప్పిన కొద్దిపాటి కాంతి ఎర్రగా ఉంటుంది. పన్నెండు గడ్డాల కింద కొంచెం చీకటి, ఆ చీకట్లో పలచని ఎరుపు వేసి పంపాను. ఫ్లెక్సీ అచ్చయింది. 8 వేసుకున్న పిల్లవాడి గడ్డం కింద ఎరుపు ఒక పిసరు ఎక్కువైంది, పెద్ద సైజులో అది తెలుస్తోంది.