సీఓపీడీ ఉన్నవారు సిగరెట్ మానడం: అపోహలు - వాస్తవాలు

దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, అంటే సీఓపీడీ ఉన్నవారికి సిగరెట్ మానమని చెప్పని డాక్టర్ ఉండరు. ఎలా మానాలో కూర్చోబెట్టి చెప్పేవారు మాత్రం తక్కువ. చెప్పినా మందు మోతాదు చాలకపోవడం, మధ్యలో ఆపేయడం, వేరే మందులతో వచ్చే చిక్కు ఎవరూ గమనించకపోవడం వంటి వాటి దగ్గర బండి ఆగిపోతుంది. మాటలు స్పష్టంగా ఉండేందుకు ఒక రోగిని ఊహించుకుందాం. వయసు 58. రోజుకు 25 సిగరెట్లు. ఇన్‌హేలర్‌తో పాటు రాత్రిపూట శ్వాసనాళాలను వదులుచేసే థియోఫిలిన్ 400 మి.గ్రా. మాత్ర వేసుకుంటారు. కిడ్నీలు బాగానే ఉన్నాయి, ఫిట్స్ ఎప్పుడూ రాలేదు.

అపోహ: ఊపిరితిత్తులు ఎలాగూ పాడయ్యాయి, ఇప్పుడు మానితే ఒరిగేదేముంది?

పోయిన సామర్థ్యం తిరిగి రాదన్నది నిజమే, ఆ ఆశ పెట్టకూడదు. మారేది ఇక ముందు ఎంత వేగంగా తగ్గుతుందన్నది. జబ్బు తొలిదశలో ఉన్నవారిని 11 ఏళ్లపాటు గమనించిన లంగ్ హెల్త్ స్టడీలో, ఒక సెకనులో బలంగా ఊదగలిగే గాలి పరిమాణం తాగుతూనే ఉన్న మగవారిలో ఏటా సుమారు 66 మి.లీ. తగ్గింది. మొదట్లోనే మానేసినవారిలో ఆ తగ్గుదల 30 మి.లీ. మాత్రమే. రోగికి ఈ లెక్క చెప్పేటప్పుడు ఆయన ఊపిరి బలం కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష కాగితం ముందు పెట్టి చూపిస్తే మాట బాగా ఎక్కుతుంది. ఊదిన ఫలితాన్ని 'మీ ఊపిరితిత్తుల వయసు ఇంత' అని చెప్పినప్పుడు, ఉత్త అంకె చెప్పినప్పటికంటే ఎక్కువమంది మానేశారని ఒక అధ్యయనంలో తేలింది.

అపోహ: పొద్దున్నే సిగరెట్ తాగితేనే కఫం కదిలి ఊపిరి ఆడుతుంది.

సీఓపీడీ రోగుల నోట తరచుగా వినిపించే మాట ఇది. దీన్ని కొట్టిపారేస్తే సంభాషణ అక్కడితో ముగిసిపోతుంది. రాత్రంతా నికోటిన్ అందక శరీరం విలవిలలాడుతుంటుంది, మొదటి దమ్ముతో అది సర్దుకుంటుంది. ఆ ఊరటనే రోగి ఊపిరి ఆడటంగా భావిస్తారు. పొగ మంటకు దగ్గు వచ్చి కాస్త కఫం పడుతుంది, నమ్మకం గట్టిపడుతుంది. అందుకే కౌన్సెలింగ్‌లో ముందు అడగాల్సిన ప్రశ్న 'రోజుకెన్ని' కాదు, 'నిద్ర లేచాక ఎంతసేపటికి మొదటిది' అన్నది. మన రోగి పది నిమిషాల్లో అన్నారనుకుందాం. అరగంటలోపు అన్నారంటేనే నికోటిన్ పట్టు గట్టిగా ఉన్నట్టు లెక్క, మందు లేకుండా నెగ్గడం కష్టం. పొద్దున లేవగానే డాక్టర్ రాసిన ఇన్‌హేలర్ ముందు వాడటం, మంచం పక్కన సిగరెట్ పెట్టె లేకుండా చూసుకోవడం ఆ రోజు నుంచే మొదలుపెట్టవచ్చు.

అపోహ: చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్, నమిలే నికోటిన్ గమ్ రెండూ కలిపి వాడితే నికోటిన్ ఎక్కువై ప్రమాదం.

అసలు చిక్కు దీనికి తిరగబడి ఉంటుంది: చాలామందికి అందే నికోటిన్ చాలదు. ప్యాచ్ నిదానంగా రోజంతా ఒకే స్థాయిలో ఇస్తుంది, ఉన్నట్టుండి తన్నుకొచ్చే కోరికను అది ఆపలేదు. ఆ పని గమ్‌ది. రోజుకు పది సిగరెట్లు దాటినవారికి 21 మి.గ్రా. ప్యాచ్‌తో మొదలుపెట్టి ఆరు వారాలు ఉంచి, తర్వాత 14, ఆపైన 7 మి.గ్రా.కు దిగుతారు. లేచిన అరగంటలోపు తాగేవారికి గమ్ 4 మి.గ్రా.ది కావాలి.

గమ్ పనిచేయలేదనే ఫిర్యాదుకు కారణం తరచూ నమిలే తీరే. మామూలు చూయింగ్ గమ్‌లా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోయి వెక్కిళ్లు, గుండెల్లో మంట వస్తాయి, కోరిక మాత్రం తీరదు. నాలుక చురుక్కుమనే దాకా నెమ్మదిగా నమిలి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టి ఆపాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఒక గమ్ ఇలా అరగంట వస్తుంది. గమ్‌కు పావుగంట ముందు నుంచి కాఫీ, పులుపు పానీయాలు వద్దు, నోట్లో ఆమ్లం ఉంటే నికోటిన్ ఇంకదు.

అపోహ: సిగరెట్ కోరికను తగ్గించే వరెనిక్లిన్ మాత్రతో మతి చెడుతుంది.

ఆ భయానికి మొదట్లో కారణం ఉండేది, అందుకే పెట్టె మీద గట్టి హెచ్చరిక ఉండేది. ఎనిమిది వేలకు పైగా మందితో జరిగిన ఈగిల్స్ అధ్యయనంలో మందు లేని ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే తీవ్రమైన మానసిక ఇబ్బందులు చెప్పుకోదగ్గంత పెరగలేదని తేలాక, 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ హెచ్చరికను తీసేసింది. అయినా మనసులో అసాధారణ మార్పు కనిపిస్తే మాత్ర ఆపి డాక్టర్‌కు చెప్పాలి.

మన రోగికి ఇది సరిపోతుంది. మానే రోజును ముందే నిర్ణయించి, దానికి వారం ముందు మొదలుపెడతారు. మొదటి మూడు రోజులు 0.5 మి.గ్రా. ఒక పూట, నాలుగు నుంచి ఏడో రోజు దాకా అదే రెండు పూటలా, ఎనిమిదో రోజు నుంచి 1 మి.గ్రా. రెండు పూటలా. ఆ ఎనిమిదో రోజే సిగరెట్ ఆపే రోజు. ఈ మొదటి వారంలో సిగరెట్ రుచి తగ్గినట్టు అనిపించడం మందు పనిచేస్తున్న గుర్తు. ఎక్కువగా ఇబ్బంది పెట్టేది వికారం. ఖాళీ కడుపుతో వేసుకోకుండా, తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. విపరీతమైన కలలు వస్తే రెండో మాత్రను పడుకునే ముందు కాకుండా సాయంత్రం భోజనంతోనే వేసుకోవాలి. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవారికి మోతాదు సగానికి దించాలి. సిగరెట్ మానడానికి వాడే బ్యుప్రోపియాన్ మాత్ర ఇంకో దారి, అయితే ఫిట్స్ వచ్చినవారికి అది పనికిరాదు.

పన్నెండో రోజున ఒక సిగరెట్ తాగారనుకోండి. చాలామంది మందు ఓడిందని మాత్ర కూడా ఆపేస్తారు, అదే పెద్ద పొరపాటు. మాత్ర కొనసాగించాలి, ఆ సిగరెట్ ఎక్కడ, ఎవరితో, ఏ పని తర్వాత అన్నది అడిగి ఆ సందర్భానికి మరో ఏర్పాటు చేయాలి. మానే రోజు దాటిన వారంలోపే ఫోన్ చేయడం అందుకే. ఒకేసారి ఆపలేనన్నవారికి మాత్ర వాడుతూనే నాలుగు వారాల్లో సగానికి, మరో నాలుగు వారాల్లో పావుకు తగ్గించి, పన్నెండో వారానికి పూర్తిగా ఆపే పద్ధతి ఉంది.

అపోహ: మానేశాక ఒంట్లో నలత మొదలైంది, సిగరెట్టే నయం.

కొన్ని వారాలు దగ్గు, కఫం పెరగవచ్చు. పొగ వల్ల మొద్దుబారిన శ్వాసనాళాల వెంట్రుకలు మళ్లీ కదిలి కఫాన్ని పైకి తోస్తాయి. జ్వరం, కఫం రంగు మారడం, ఆయాసం ఎక్కువవడం ఉంటే మాత్రం అది మానడం వల్ల కాదు, వెంటనే చూపించుకోవాలి.

మన రోగి విషయంలో ఇంకో సంగతి ఉంది, ఎక్కువగా జారిపోయేది ఇదే. పొగలోని తారు పదార్థాలు లివర్‌లోని ఒక ఎంజైమును ఉసిగొలిపి థియోఫిలిన్‌ను తొందరగా ఖర్చు చేయిస్తాయి. అందుకే ఆయనకు ఆ 400 మి.గ్రా. సరిపోతూ వచ్చింది. పొగ ఆగగానే ఎంజైము కొన్ని రోజుల్లో నెమ్మదిస్తుంది, అదే మాత్రతో రక్తంలో మందు పెరుగుతుంది. వాంతులు, చేతుల వణుకు, గుండె దడ, నిద్ర పట్టకపోవడం వస్తాయి. మరీ పెరిగితే ఫిట్స్ కూడా రావచ్చు. వికారం వరెనిక్లిన్ వల్ల అనుకుని దాన్ని ఆపేస్తే రెండు విధాలా నష్టం. తేడా పట్టడానికి ఒక చిట్కా: వరెనిక్లిన్ వికారం మాత్ర వేసుకున్న కాసేపటికి వస్తుంది, వణుకూ దడా ఉండవు. మానిన వారంలోగా డాక్టర్ థియోఫిలిన్‌ను పావు నుంచి మూడోవంతు తగ్గించి, వీలైతే రక్తంలో స్థాయి చూడాలి. నికోటిన్ ప్యాచ్ ఉంది కదా అని దీన్ని వదిలేయకూడదు, ఎంజైమును కదిలించేది పొగ, నికోటిన్ కాదు. రోగి మళ్లీ తాగడం మొదలుపెడితే తగ్గించిన మోతాదు చాలదు, ఆయాసం తిరగబెడుతుంది. కాబట్టి మొహమాటపడకుండా చెప్పమని ముందే అనాలి.

వరెనిక్లిన్ పన్నెండు వారాలు. అప్పటికి మానేసి ఉన్నా కోరిక ఇంకా వెంటాడుతుంటే మరో పన్నెండు వారాలు పొడిగించవచ్చు.